స్వాట్ పట్టిక నిండింది, మరి ఎన్ని బస్తాలు కొనాలి?

"టెంప్లేట్ ఇచ్చేశారు కదా, ఇంకేముంది, నింపేయడమే" అనే మాట ప్రతి సెమిస్టరులోనూ ఎంబీఏ పిల్లల నోట వినిపిస్తుంది. కేస్ స్టడీ రిపోర్టు గురించి అంత ధీమాగా అనేస్తారు. కంపెనీ పరిచయం, సమస్య, విశ్లేషణ, ప్రత్యామ్నాయాలు, సిఫార్సు, అమలు ప్రణాళిక, ముగింపు, ఎగ్జిబిట్లు. వరస దాదాపు అన్ని కాలేజీల్లోనూ ఇదే. అన్ని గళ్లూ నింపి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. తీరా చదివితే విశ్లేషణ ఒక దారిన, ముగింపు ఇంకో దారిన పోతుంటాయి.

నా అభిప్రాయం ఒక్కటే, కాస్త గట్టిగానే చెబుతాను. విశ్లేషణలో లెక్క తేలని మాట ముగింపులో ఉండకూడదు. ముగింపుకి పనికిరాని మాట విశ్లేషణలో ఉండకూడదు. ఈ రెండూ పాటించడానికి టెంప్లేట్ అడ్డు రాదు. అడ్డు వచ్చేది టెంప్లేట్‌లో ఉన్న వరసలోనే రాసుకుంటూ పోయే అలవాటు. అది చదివేవాళ్ల కోసం పెట్టిన వరస. రాసేవాళ్లు ఎగ్జిబిట్ల దగ్గర మొదలుపెట్టాలి.

ఊరికే సూత్రం చెబితే ఎక్కదు కాబట్టి మన శ్రీకాకుళం జిల్లా కేసే తీసుకుందాం. పలాస–కాశీబుగ్గలో ఒక చిన్న జీడిపప్పు యూనిట్ అనుకోండి. యూనిట్ ఊహించుకున్నది, అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మీ రిపోర్టులో కేసు ఇచ్చిన అంకెలో, యజమాని చెప్పిన అంకెలో పెట్టుకోండి, పద్ధతి మారదు.

సమస్య ఒక నిర్ణయంగా ఉండాలి

ఈ కేసుకి మామూలుగా రాసే సమస్య ఇలా ఉంటుంది: "ముడిసరుకు కొరత, ధరల ఒడిదుడుకులు, కూలీల కొరత, పెట్టుబడి కొరత వల్ల యూనిట్ ఇబ్బందులు ఎదుర్కొంటోంది." అబద్ధమేమీ లేదు. కానీ పలాసలో ఏ యూనిట్‌కైనా, ఏ సంవత్సరానికైనా ఇదే పేరా అతికిపోతుంది. దీని మీద ఎంత విశ్లేషించినా "ప్రభుత్వం ఆదుకోవాలి" దగ్గరే తేలుతుంది.

అదే యజమాని మనసులో ఉన్న ప్రశ్న వేరు. ఇక్కడి ఉద్దానం తోటల జీడిపిక్క మార్చి నుంచి మే దాకా వస్తుంది. సీజన్‌లో ధర తక్కువ, తరవాత పెరుగుతుంది. యూనిట్‌కి నెలకి 200 బస్తాలు కావాలి, బస్తాకి 80 కిలోలు. మే నెలాఖరుకి ఎన్ని నెలల సరుకు కొని గోడౌన్‌లో వేసుకోవాలి? ఇందులో నిర్ణయం తీసుకునే మనిషి ఉన్నాడు, గడువు ఉంది, జవాబు ఒక అంకెలో వస్తుంది. ఈ మూడూ కనబడేలా సమస్యను రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు. టెంప్లేట్‌లో ఒక పేజీ అని ఉంటే మిగిలిన చోటు ఈ నిర్ణయానికి ఉన్న హద్దులతో నింపండి. చేతిలో డబ్బెంత, బ్యాంకు ఎంత ఇస్తుంది, గోడౌన్‌లో ఎంత పడుతుంది అన్నవి అక్కడికి వస్తాయి.

సగటు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

ఇప్పుడు అంకెలు. సీజన్‌లో పిక్క కిలో 110 రూపాయలు, అంటే బస్తా 8,800. జూన్ నుంచి కిలో 125, అంటే బస్తా 10,000. ముందే కొంటే బస్తాకి 1,200 మిగులుతుంది. ఈ 1,200 చూసి చాలా రిపోర్టులు "కనుక ఏడాది సరుకంతా సీజన్‌లోనే కొనాలి" అని తేల్చేస్తాయి.

కొన్న పిక్క ఊరికే కూర్చోదు. పచ్చిగా కొన్న సరుకు ఎండబెడితే బరువు తగ్గుతుంది, తరవాత కొనేది ఎండిన సరుకు. ఈ తరుగు 3 శాతం అనుకుంటే బస్తాకి 264 రూపాయలు. బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతమైతే బస్తాకి నెలకి 88. గోడౌను, బీమా, హమాలీ కలిపి నెలకి 20. మొత్తం మీద బస్తాకి ఒకసారి పడే ఖర్చు 264, ఉంచిన ప్రతి నెలకీ 108.

సొంత డబ్బుకి వడ్డీ ఎందుకు వేయాలని చాలామంది అడుగుతారు. ఆ డబ్బు పిక్కలో ఇరుక్కోకపోతే బ్యాంకులో క్యాష్ క్రెడిట్, అంటే సీసీ ఖాతాలో వేసి వడ్డీ తగ్గించుకునేవాడు కదా, అందుకే వేయాలి. ఈ ఒక్క వాక్యం రిపోర్టులో రాయకపోతే వైవాలో అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

కాస్త జాగ్రత్తపడే విద్యార్థి ఇక్కడ సగటు తీస్తాడు. 12 నెలల సరుకు సగటున ఆరున్నర నెలలు నిల్వ ఉంటుంది. ఖర్చు 966, లాభం 1,200, బస్తాకి 234 మిగులు. ఏడాదికి 2,400 బస్తాలు కాబట్టి 5 లక్షల 61 వేలు. "కనుక ఏడాది సరుకూ కొనాలి." లెక్క తప్పలేదు, అయినా జవాబు తప్పు.

ఎందుకంటే జూన్‌లో వాడే బస్తా, వచ్చే మేలో వాడే బస్తా ఒకటి కావు. ఒక్కో నెల బస్తాని విడిగా చూడాలి. ఎక్సెల్‌లో `B1` నుంచి `B5` దాకా వరసగా బస్తా ధర 8800, ఏడాది వడ్డీ 12%, నెలకి గోడౌన్ ఖర్చు 20, తరుగు 3%, బస్తాకి ధర పెరుగుదల 1200 పెట్టండి. `A7` నుంచి కిందికి 1 మొదలు 12 దాకా నెలలు వేయండి. `B7`లో ఖర్చు, `C7`లో మిగులు:

```
=$B$1*$B$4+A7*($B$1*$B$2/12+$B$3)
=$B$5-B7
```

కిందికి లాగితే మొదటి నెలలో వాడే బస్తాకి మిగులు 828 అని వస్తుంది. ఆరో నెలకి 288, ఎనిమిదో నెలకి 72. తొమ్మిదో నెలలో వాడే బస్తాకి 36 నష్టం, పన్నెండో నెలకి 360 నష్టం. మొదటి నెలల లాభం చివరి నాలుగు నెలల నష్టాన్ని కప్పేసింది కాబట్టే సగటు మంచిగా కనబడింది. ఎనిమిది నెలల సరుకే కొంటే మిగులు 7 లక్షల 20 వేలు. ఏడాదికి సరిపడా కొన్నదానికంటే లక్షన్నరకి పైగా ఎక్కువ.

ఈ పట్టికే రిపోర్టులో ఎగ్జిబిట్ 1. అంకెలను సూత్రం లోపల కాకుండా విడి గళ్లలో పెట్టమన్నది అందుకే, రేపు ధర మార్చి చూడాలంటే ఒక్క గడి మారిస్తే సరిపోతుంది. పట్టికను పీడీఎఫ్‌లోంచి ఫొటోలా అతికించే పిల్లలున్నారు. అలా అతికిస్తే ధర 118 అయితే ఏమవుతుందన్న ప్రశ్నకి జవాబు ఉండదు.

లాభం ఎనిమిది నెలలంది, బ్యాంకు ఏమంటుంది

విశ్లేషణ ఇక్కడితో ఆగిపోతే "ఎనిమిది నెలల సరుకు కొనాలి" అని ముగించేస్తారు. దాదాపు ఒప్పే. కానీ యజమాని సీసీ లిమిట్ 90 లక్షలు, బ్యాంకు సరుకు విలువలో 25 శాతం సొంత డబ్బు మార్జిన్‌గా అడుగుతుంది, చేతిలో 30 లక్షలున్నాయి అనుకుందాం. మొత్తం కోటి 20 లక్షలు. ఎనిమిది నెలల సరుకంటే 1,600 బస్తాలు, విలువ కోటి 40 లక్షల 80 వేలు. అందదు. ఆరు నెలల సరుకు 1,200 బస్తాలు, కోటి 5 లక్షల 60 వేలు. అందుతుంది. మార్జిన్ పోను ఈ సరుకు మీద బ్యాంకు ఇచ్చేది 79 లక్షల 20 వేలు, సొంత డబ్బు 26 లక్షల 40 వేలు పెట్టాలి. చేతిలో మిగిలిన 3 లక్షల 60 వేలు కూలీకి, డబ్బాలకి, కరెంటుకి.

మామూలుగా ఈ దశలో "బ్యాంకు లిమిట్ పెంచుకోవాలి" అన్న సిఫార్సు వచ్చి పడుతుంది. వినడానికి బాగుంటుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. ఎగ్జిబిట్ 1 చూడండి. ఏడో నెల, ఎనిమిదో నెల సరుకు అదనంగా కొంటే మిగిలేది 200 బస్తాల మీద 180, ఇంకో 200 బస్తాల మీద 72. అంటే 50,400 రూపాయలు. దానికోసం ఇంకో 35 లక్షల 20 వేల సరుకు తలకెత్తుకోవాలి. కొత్త లిమిట్‌కి తాకట్టు, ప్రాసెసింగ్ ఫీజు, పెరిగిన బీమా వేసుకుంటే ఆ యాభై వేలు మిగలడం కష్టమే. ఈ కేసులో లిమిట్ పెంచమనడం తప్పు సిఫార్సు. అది తప్పని చెప్పగలిగింది నెలవారీ పట్టికే.

ఒక చిన్న విషయం అమలు ప్రణాళికలో తప్పక రావాలి. సీసీ మీద బ్యాంకు ఇచ్చేది ఆ నెల స్టాకు స్టేట్‌మెంట్ చూసి. పిక్క వాడేకొద్దీ స్టాకు తగ్గుతుంది, తీసుకోగలిగే డబ్బూ తగ్గుతుంది. పప్పు అమ్మిన డబ్బు చేతికి రావడం ఆలస్యమైతే అక్టోబరు, నవంబరు నెలల్లో కూలీకి కటకటలాడాల్సి వస్తుంది. ఈ మాట రాసిన రిపోర్టు చేతికొస్తే, రాసిన పిల్ల ఎవరో వ్యాపారితో కూర్చుని మాట్లాడిందని తెలిసిపోతుంది.

స్వాట్ తీసేస్తే మార్కులు కోస్తారు కదా

న్యాయమైన అభ్యంతరమే. మూల్యాంకనం చేసేవారి చేతిలో శీర్షికల జాబితా ఉంటుంది, స్వాట్‌కి ఇన్ని మార్కులని ఉంటుంది. నేను తీసేయమనడం లేదు. కానీ స్వాట్‌లో రాసే ప్రతి మాటా పైన తేలిన లెక్కలో ఎక్కడో ఒకచోట కనబడాలి. కనబడకపోతే దాన్ని కొట్టేయండి.

"ముప్పు: ప్రకృతి వైపరీత్యాలు" అన్న ముక్క తీసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. దాన్ని ఈ నిర్ణయానికి ముడిపెట్టి రాయండి. ఆరు నెలల సరుకు కొన్న యూనిట్ గోడౌన్‌లో అక్టోబరు మొదట్లో 400 బస్తాలుంటాయి, విలువ 35 లక్షల 20 వేలు. ఏడాది సరుకు కొన్నవారికి 1,600 బస్తాలు, కోటి 40 లక్షల పైమాట. తుపాను ముప్పు ఏ ప్రత్యామ్నాయానికి ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. బీమా ఎంతకి చేయించాలో కూడా ఇక్కడే తేలింది.

ఫైవ్ ఫోర్సెస్‌దీ అదే దారి. అయిదు శక్తులకీ తలా ఒక పేరా సమానంగా పంచాల్సిన పనిలేదు. ఈ కేసులో బరువున్నది సరఫరాదారుల శక్తి ఒక్కటే. జూన్ తరవాత ధర నిజంగా 125కి పోతుందా అన్నది వాళ్ల చేతిలో ఉంది. తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా టాంజానియాలో పిక్క కోత అక్టోబరు ప్రాంతంలో మొదలవుతుంది. ఆ సరుకు మన దేశానికి చేరాక స్థానిక ధర మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి 125 అన్నది ఏడాది పొడుగునా నిలిచే అంకె అనుకోవడం రిపోర్టులో అన్నిటికన్నా బలహీనమైన ఊహ. దానికి రెండు పేరాలివ్వండి, మిగతా నాలుగు శక్తులకి రెండేసి వాక్యాలు చాలు.

ఆ ఊహ తప్పితే ఏమవుతుందో చూపించేది ఎగ్జిబిట్ 2. సీజన్ తరవాత ధర 118 దగ్గరే ఆగిపోయిందనుకోండి. లాభం బస్తాకి 640కి పడిపోతుంది. ఆరు నెలల సరుకు కొన్నాయనకి మొత్తం మీద నష్టం 2,400 రూపాయలు, అంటే లాభం లేదు, నష్టమూ లేదు. ఏడాది సరుకు కొన్నాయనకి 7 లక్షల 82 వేలు పోతాయి. అదే ధర 125 దగ్గరే ఉండి వడ్డీ 14 శాతమైతే ఆరు నెలల నిర్ణయం మీద మిగులు 6 లక్షల 70 వేల నుంచి 6 లక్షల 8 వేలకి తగ్గుతుంది, అంతే. భయపడాల్సింది ధర గురించి, వడ్డీ గురించి కాదు. రిపోర్టులన్నీ వడ్డీ భారం గురించి పేజీలు రాస్తాయి.

వెయిటేజీల పట్టిక మీద నాకున్న అనుమానం

ప్రత్యామ్నాయాలు పోల్చడానికి చాలా టెంప్లేట్లు వెయిటేజీ పట్టిక అడుగుతాయి. లాభానికి 0.4, పని ఆగకుండా సాగడానికి 0.3, రిస్కుకి 0.3 అని వేసుకుని, ఒక్కోదానికి అయిదుకి ఇన్ని మార్కులని ఇస్తారు. ఏడాది సరుకుకి వరసగా 3, 5, 2 వేశారనుకోండి, మొత్తం 3.3. ఆరు నెలల సరుకుకి 4, 3, 4 వేస్తే 3.7. ఆరు నెలలు గెలిచింది.

ఇప్పుడు వెయిటేజీలను 0.3, 0.5, 0.2 చేయండి. ఏడాది సరుకు 3.8, ఆరు నెలలు 3.5. గెలుపు తారుమారైంది. మొదటి వెయిటేజీలు ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే జవాబుండదు. చాలాసార్లు ముందే అనుకున్న జవాబు గెలిచేదాకా వాటిని సవరించి ఉంటారు.

అలాగని లెక్కకి అందనివాటిని వదిలేయమనడమూ సరికాదు. పప్పు పైపొర తీసే పని, గ్రేడింగ్ ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఫిబ్రవరిలో పిక్క లేక యూనిట్ నెల రోజులు ఆగితే వాళ్లు పక్క యూనిట్‌కి పోతారు, చేయి తిరిగినవాళ్లు మళ్లీ దొరకడం కష్టం. కొత్త చేతుల్లో గుండు పప్పు బద్దలవుతుంది. డబ్ల్యూ 320 అనే గుండు పప్పు గ్రేడు రేటు పలకాల్సిన పప్పు ముక్క రేటుకి పోతుంది. ఈ నష్టం ఎగ్జిబిట్ 1లో లేదు. ఏడాది సరుకు వైపు వాదించేవాళ్లకి ఉన్న గట్టి వాదన ఇదే, దీన్ని రిపోర్టులో దాచకూడదు.

దీన్ని 0.3 అన్న అంకెలోకి కుదించే బదులు షరతుగా రాయమంటాను. "ఏ నెలలోనూ యూనిట్ ఆగకూడదు" అన్నది ప్రతి ప్రత్యామ్నాయమూ దాటాల్సిన గడప. ఆరు నెలల ప్రత్యామ్నాయం అది దాటాలంటే డిసెంబరు నుంచి నెలకి 200 బస్తాలు ఎవరి దగ్గర, ఏ ధరకి కొంటారో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ ప్రత్యామ్నాయం నిలవదు, లాభం ఎంత చూపించినా సరే. టెంప్లేట్ పట్టిక తప్పనిసరి అంటే పెట్టండి, కానీ వెయిటేజీ ఎంత మారితే జవాబు మారుతుందో దాని కిందే రాయండి.

అమలు, ముగింపు

అమలు ప్రణాళికలో "నాణ్యత పాటించాలి" లాంటివి రాయకండి. లాట్ కొనే ముందు కిలో పిక్క నమూనా తీసి, కోసి, మంచి పప్పు, పుచ్చు పప్పు వేరుచేసి తూచాలి. వ్యాపారులు బస్తాకి ఇన్ని పౌండ్ల పప్పు అని లెక్క చెప్పుకుంటారు. 48 పౌండ్లంటే 80 కిలోల బస్తాకి 21.8 కిలోలు. అదే ధరకి 44 పౌండ్ల సరుకు కొంటే బస్తాకి దాదాపు 1.8 కిలోల పప్పు తక్కువ వస్తుంది, నిల్వ మీద చూపించిన మిగులంతా ఆ ఒక్క దెబ్బకి పోతుంది. జూన్‌లో వానలు దిగేలోపే కళ్లంలో పిక్క ఆరాలి. తేమ మిగిలిన బస్తా నెట్టులో పడితే బూజు పట్టి పప్పు నల్లబడుతుంది, నెట్టు అడుగున చెక్కలు, గోడకి ఎడం అందుకే. ఎవరు, ఏ తేదీలోపు, ఎన్ని బస్తాలు అన్న మూడు గడుల పట్టికతో ఈ భాగం అయిపోతుంది.

ముగింపులో కొత్త విషయం ఏదీ రాకూడదు. ఈ కేసుకి నేను రాసేది ఇంత: "మే నెలాఖరుకి ఆరు నెలల సరుకు, 1,200 బస్తాలు కొనాలి (ఎగ్జిబిట్ 1). ఎనిమిది నెలలకి మిగులు ఎక్కువే అయినా, అదనంగా వచ్చే 50,400 రూపాయలకి 35 లక్షల 20 వేల సరుకు మోయడం తగదు. సీజన్ తరవాత కిలో ధర 118 దాటినంతవరకు ఈ నిర్ణయం నష్టం తేదు (ఎగ్జిబిట్ 2). డిసెంబరు సరఫరాకి సెప్టెంబరులోపు ఒప్పందం కుదరకపోతే ఈ సిఫార్సును మళ్లీ చూడాలి." నాలుగు వాక్యాలు. అంకె ఉన్న ప్రతి వాక్యం వెనక ఒక పట్టిక ఉంది, చివరిది ఈ సిఫార్సు ఎప్పుడు చెల్లదో చెబుతోంది.

ఇది అయ్యాకే సమస్య పేరా దగ్గరికి తిరిగి వెళ్లి, ముగింపు జవాబిచ్చిన ప్రశ్నే అక్కడ ఉందో లేదో సరిచూడాలి. చాలాసార్లు ఉండదు, రాసేటప్పుడు ప్రశ్న కొంచెం జరిగిపోతుంది. సమస్యను సరిదిద్దాక ఎగ్జిక్యూటివ్ సమ్మరీ రాయండి. ముందు రాసేసిన సమ్మరీలో "ఏడాది సరుకు" అని, ముగింపులో "ఆరు నెలలు" అని ఉండిపోయే ప్రమాదం అప్పుడు ఉండదు. కంపెనీ పరిచయం చిట్టచివర రాస్తే మంచిది. నెలకి 200 బస్తాలు, సీసీ లిమిట్, గోడౌన్ సైజు, పనివాళ్ల సంఖ్య లాంటి లెక్కలో వాడినవే అందులో ఉంటాయి. స్థాపకుడి జీవిత చరిత్ర రెండు పేజీలు పెట్టాలన్న ఆలోచన అప్పటికి దానంతటదే పోతుంది.